అసెస్‌మెంట్ ఆర్డర్ వచ్చింది: ముందు కట్టేసి పోట్లాడాలా, పోట్లాడి తేల్చుకున్నాక కట్టాలా?

యార్డు_కొట్టు
గుంటూరు మిర్చి యార్డులో సరుకు కొని బయటి ఊళ్లకు లోడులు పంపే వ్యాపారం నాది. 2023-24 అసెస్‌మెంట్ ఇయర్ రిటర్ను స్క్రూటినీలో పడింది. 2025 మార్చి 24న పోర్టల్లో ఆర్డరు, దాంతోపాటే డిమాండ్ నోటీసు వచ్చాయి. లారీ కిరాయిలు నగదుగా ఇచ్చానని 11,40,000 ఖర్చు మొత్తం కొట్టేసి ఆదాయంలో కలిపేశారు. నేను చూపించిన ఆదాయం 14 లక్షలు, దాని మీద పన్ను ఎప్పుడో కట్టేశాను. ఇప్పుడు దీని మీద పన్ను 3,55,680, వడ్డీ 85,344, కలిపి 4,41,020 ముప్పై రోజుల్లో కట్టమంటున్నారు.

మా బావగారు ముందు కట్టేయ్, "నిరసనతో కడుతున్నా" అని ఒక లెటర్ పెట్టు, తర్వాత అప్పీలు చేసుకో అంటున్నారు. మా ఆడిటర్ గారేమో అప్పీలు వేసేద్దాం, పైసా కట్టక్కర్లేదు అంటున్నారు. ఇది సీజను. ఉన్న డబ్బంతా సరుకులో ఇరుక్కుంది, బయట రూపాయిన్నర వడ్డీకి తెచ్చి తిప్పుతున్నాను. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? ఇలాంటిది ఎవరైనా దాటి వచ్చారా?

బ్రాడీపేట_బాబాయ్
అసెస్‌మెంట్ నంబరు పట్టుకుని మీ సచివాలయానికి వెళ్లు. పోయినేడు మాకు కూడా రేకుల షెడ్డుని స్లాబు కింద రాసేసి పన్ను పెంచారు. కొలతలు మళ్లీ వేయించుకుంటే తగ్గింది. కట్టేశాక అడిగితే మాత్రం ఎవరూ పట్టించుకోరు.

యార్డు_కొట్టు
బాబాయ్, ఇది ఇంటి పన్ను కాదు, ఇన్‌కం ట్యాక్స్.

బ్రాడీపేట_బాబాయ్
ఓహో. నాలుగు లక్షల ఇంటి పన్నేంట్రా బాబూ, ఏం కట్టాడో అనుకున్నా.

ఆటోనగర్_స్పేర్స్
టెన్షన్ పడకండి అన్నా. పన్నులో పది శాతం కట్టి అప్పీలు వేస్తే మిగతాది దానంతట అదే ఆగిపోతుంది. వేరే స్టే అడగక్కర్లేదు. మాకు 2019-20 ఇన్‌పుట్ క్రెడిట్ కేసులో అలాగే జరిగింది, ఇప్పటిదాకా ఎవరూ తలుపు తట్టలేదు.

గవర్నర్‌పేట_ఫైళ్లు
స్పేర్స్ గారు చెప్పింది జీఎస్టీ సంగతి. అక్కడ వివాదంలో ఉన్న పన్నులో పది శాతం కడితే తప్ప అప్పీలు తీసుకోరు, కట్టాక మిగతా వసూలు చట్టం ప్రకారమే ఆగుతుంది. ఇన్‌కం ట్యాక్స్‌లో ఈ రెండూ లేవు. పదో పరకో కట్టకుండానే అప్పీలు వేయచ్చు. రిటర్నులో మీరే ఒప్పుకున్న ఆదాయం మీద పన్ను కట్టి ఉంటే చాలు, మీరు కట్టారు. కానీ అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. దానికి స్టే విడిగా అడగాలి. మీ ఆడిటర్ గారి మాటలో మొదటి సగం సరైనదే, రెండో సగంతోనే ప్రమాదం.

సలహా చెప్పేముందు మూడు సంగతులు తెలియాలి. ఆ 11,40,000లో ఒక్కొక్క రోజు ఒక్కొక్క లారీకి ఎంతెంత ఇచ్చారు? దాంతో వచ్చిన పెనాల్టీ నోటీసులో ఏ పదం రాశారు, ఆదాయం తక్కువ చూపించారనా, తప్పుగా చూపించారనా? మీ ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు ఫారం 3సీడీలో, పరిమితి దాటిన నగదు ఖర్చులు చూపించే క్లాజ్ 21(డి) దగ్గర ఏముంది?

యార్డు_కొట్టు
వోచర్లు ముందేసుకుని కూర్చున్నాను సార్. చాలావరకు చెన్నై, బెంగళూరు లోడులు. ఒక్కోటి పద్దెనిమిది వేల నుంచి ముప్పై నాలుగు వేల దాకా ఉంది. ఇవన్నీ కలిపి 9,50,000. ఐదు మాత్రం దూరపు లోడులు, ఒక్కోటి 38,000, మొత్తం 1,90,000. అన్నిటి మీదా లారీ నంబరు, డ్రైవర్ సంతకం ఉన్నాయి. పెనాల్టీ నోటీసులో అండర్ రిపోర్టింగ్ అనే ఉంది. 3సీడీ సంగతి ఆడిటర్ గారిని అడిగి చెప్తాను.

రిటైర్డ్_గుమాస్తా
నేను ట్రెజరీ వైపు పనిచేసినవాణ్ణి. సర్కారుకు కట్టిన డబ్బు ఎక్కడికీ పోదు, గెలిస్తే వడ్డీతో సహా వెనక్కి వస్తుంది. నిరసన లెటర్ ఒకటి ఇచ్చి, దాని కాపీ మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. అది లేకుండా కడితే ఒప్పుకుని కట్టినట్టే, రేపు అప్పీలులో "నువ్వే కట్టావుగా" అంటారు.

గవర్నర్‌పేట_ఫైళ్లు
గుమాస్తా గారూ, గౌరవంగానే కాదంటున్నాను. ఇన్‌కం ట్యాక్స్ చలానాలో నిరసన అని రాసుకునే గడి ఎక్కడా లేదు. ఆ లెటర్ ఇచ్చినా వచ్చేదేమీ లేదు, ఇవ్వకపోయినా పోయేదేమీ లేదు. అప్పీలు హక్కు ఆర్డరు వల్ల వస్తుంది. డబ్బు కట్టారా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. మొత్తం కట్టేసి ముప్పై రోజుల్లోపు అప్పీలు వేసినా కమిషనర్ అప్పీల్స్ వింటారు.

ఒప్పుకున్నట్టు అయ్యేది వేరేచోట. పోర్టల్లో `Pending Actions` కింద `Response to Outstanding Demand` ఉంటుంది. అక్కడ `Demand is correct` నొక్కారంటే తర్వాత కాదనడానికి ఉండదని ఆ పేజీలోనే రాసి ఉంటుంది. డబ్బు కట్టాలనుకునే వాళ్లు కూడా తొందరలో అది నొక్కేస్తుంటారు. అప్పీలు చేసే ఉద్దేశం ఉంటే కాదనే ఆప్షనే ఎంచుకుని కారణం రాయాలి, కట్టినంత కట్టామని చూపించాలి. బావగారి లెటర్ కన్నా ఈ ఒక్క క్లిక్కుకు విలువ ఎక్కువ.

తెనాలి_లక్ష్మి
కట్టేటప్పుడు చలానా కూడా జాగ్రత్త అండి. మావారి కేసులో ఆడిటర్ ఆఫీసు కుర్రాడు 400 బదులు 300 ఎంచుకుని కట్టాడు. అంటే డిమాండ్ కింద కాకుండా సెల్ఫ్ అసెస్‌మెంట్ పన్ను కింద జమ అయింది. డబ్బు ప్రభుత్వం దగ్గరే ఉంది, డిమాండ్ మాత్రం తగ్గకుండా అలాగే కనిపిస్తూ, వడ్డీ పెరుగుతూ ఉంది. చలానా సరిచేయించేసరికి ప్రాణం పోయింది.

ఆటోనగర్_స్పేర్స్
మూడొందలకీ నాలుగొందలకీ తేడా తెలియాలంటే ఎంబీఏ చదవాలేమో.

తెనాలి_లక్ష్మి
ఆ కుర్రాడు ఎంబీఏనే.

పట్నంబజార్_చిన్నా
ఇంత చర్చ దేనికి? అప్పీలు పడేసి కూర్చోండి. అప్పీలు నడుస్తుండగా బ్యాంకు జోలికి రారు.

కృష్ణలంక_శ్రీను
చిన్నా గారూ, వస్తారు. మా అన్నయ్యకు అప్పీలు పెండింగ్‌లో ఉండగానే కరెంట్ అకౌంట్‌కి నోటీసు వెళ్లింది. బ్యాంకు వాళ్లు డబ్బు లాగి పంపేశాకే మెసేజ్ వచ్చింది. అడిగితే "అప్పీలు వేశారు సరే, స్టే ఎక్కడ?" అన్నారు. స్టే పిటిషన్ ఇవ్వనేలేదు, అప్పీలు సరిపోతుందనుకున్నాడు. ఆ వారం జీతాలకు మా వదిన నగలు తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

గవర్నర్‌పేట_ఫైళ్లు
శ్రీను గారు చెప్పింది 226(3) నోటీసు. నోటీసు అందిన ముప్పై రోజులు గడిచాయంటే మీరు బాకీ ఎగ్గొట్టినవాళ్ల లెక్కలోకి వెళ్తారు, అక్కడి నుంచి బ్యాంకుకైనా, మీకు డబ్బులివ్వాల్సిన పార్టీకైనా రాయచ్చు. మిర్చి వ్యాపారంలో రెండోదే ఎక్కువ పరువు తక్కువ. చెన్నైలో మీ సరుకు కొన్నాయనకి నోటీసు వెళ్తే ఆయన మళ్లీ మీ దగ్గర కొంటాడా?

యార్డు_కొట్టు గారూ, ఇక మీ కేసులోకి వద్దాం. 40ఏ(3) ప్రకారం ఒక మనిషికి ఒక రోజులో నగదుగా పదివేలు దాటి ఇస్తే ఆ ఖర్చు ఒప్పుకోరు. కానీ లారీ కిరాయికి ఆ పరిమితి 35,000. మీ ఆర్డర్లో పదివేల లెక్కే వేసినట్టుంది. అంటే 9,50,000 మీద మీకు గట్టి వాదన ఉంది. 38,000 చొప్పున ఇచ్చిన ఐదు లోడుల మీద వాదన దాదాపు లేదు.

ఆ 1,90,000 ఒక్కటే నిలబడితే పన్ను 59,280, వడ్డీతో కలిపి 73,488. ఇప్పుడు స్టే సంగతి. ఇన్‌కం ట్యాక్స్ బోర్డు సీబీడీటీ 2017 జులై 31 మెమో ప్రకారం మామూలుగా డిమాండ్‌లో 20 శాతం కడితే మొదటి అప్పీలు తేలేదాకా మిగతాది ఆపాలి. మీకు 20 శాతం అంటే 88,204. చూశారా, ఎలాగూ పోయే 73,488 ఇందులోనే కలిసిపోతోంది. మిగిలిన పద్నాలుగు వేల చిల్లరే మీరు వివాదం మీద నిజంగా పెడుతున్నది. నేనైతే అది కట్టి, అప్పీలు వేసి, ఆ రెండు రసీదులతో మీ జ్యూరిస్డిక్షన్ ఆఫీసర్‌కి స్టే పిటిషన్ ఇస్తాను. ఆర్డరు ఫేస్‌లెస్‌గా ఢిల్లీ పేరుతో వచ్చినా వసూలు చూసేది స్థానిక ఆఫీసరే.

యార్డు_కొట్టు
ఇది బాగుంది సార్. అయితే స్టే వచ్చాక మిగతా మూడున్నర లక్షల మీద వడ్డీ కూడా ఆగుతుందా?

పట్నంబజార్_చిన్నా
ఆగకుండా ఎలా ఉంటుంది? స్టే అంటేనే ఆపడం కదా.

గవర్నర్‌పేట_ఫైళ్లు
ఆగదు. స్టే ఆపేది వసూలును, వడ్డీని కాదు. ముప్పై రోజుల గడువు దాటిన దగ్గర్నుంచి నెలకు ఒక శాతం నడుస్తూనే ఉంటుంది. మన లెక్కలో రూపాయి వడ్డీ, నెలలో ఒక్క రోజు తగిలినా నెల మొత్తానికీ. గెలిస్తే పన్నుతోపాటు అది కూడా పోతుంది, ఓడితే పడుతుంది. కమిషనర్ అప్పీల్స్ దగ్గర రెండేళ్లు పట్టిందనుకోండి, మిగిలిన 3,52,816 మీద 84,676 అవుతుంది.

మొత్తం ముందే కట్టేసి గెలిస్తే ప్రభుత్వం ఇచ్చేది నెలకు అర శాతం. అంటే వాళ్లు తీసుకునేది రూపాయి, ఇచ్చేది అర్ధరూపాయి. పైగా వాళ్లిచ్చే వడ్డీని మళ్లీ ఆదాయంలో చూపించి పన్ను కట్టాలి. మీరు కట్టిన వడ్డీని మాత్రం ఖర్చుగా చూపించుకోలేరు.

రిటైర్డ్_గుమాస్తా
నేను అనేది అదే కదా. ఓడితే రూపాయి వడ్డీ పడుతుంది. కట్టేస్తే ఆ బాధ లేదు, రాత్రి నిద్ర పడుతుంది.

యార్డు_కొట్టు
గుమాస్తా గారూ, నేను రూపాయిన్నరకు తెచ్చి కట్టి, రూపాయి వడ్డీ తప్పించుకుంటే నాకు మిగిలేదేంటి? నిద్ర ఎలాగూ పట్టదు, ఫైనాన్స్ ఆయన ఫోన్ చేస్తుంటాడు.

రిటైర్డ్_గుమాస్తా
అప్పు తెచ్చి కట్టమని నేను అనలేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్లో పడి ఉన్న డబ్బున్నవాడి సంగతి చెప్పాను. బ్యాంకులో ఏడు శాతం వస్తున్న డబ్బు ఉన్నవాడికి ఏడాదికి పన్నెండు శాతం మీద పెట్టుకోవడం తెలివా?

గవర్నర్‌పేట_ఫైళ్లు
అక్కడ గుమాస్తా గారితో ఏకీభవిస్తాను. డబ్బు ఊరికే ఉండి, కేసు సగం సగం అనిపిస్తే మొత్తం కట్టి అప్పీలు చేయడం తప్పు కాదు. డబ్బు అప్పుదై, కేసు గట్టిదైతే 20 శాతం. ఒకే ఆర్డరుకు ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చేయచ్చు.

తెనాలి_లక్ష్మి
20 శాతం కూడా లేనివాళ్ల మాటేమిటి? మా తమ్ముడికి పద్దెనిమిది లక్షల డిమాండ్ వచ్చింది, దాంట్లో ఐదో వంతు కూడా వాడి దగ్గర లేదు.

గవర్నర్‌పేట_ఫైళ్లు
20 అనేది రాతి మీద గీత కాదండి. ఎల్జీ ఎలక్ట్రానిక్స్ కేసులో 2018లో సుప్రీంకోర్టు అంతకన్నా తక్కువకూ స్టే ఇచ్చే అధికారం అధికారులకు ఉందని చెప్పింది. కానీ అడిగే తీరులో ఉంటుంది. "డబ్బు లేదు, దయచూడండి" అని అరపేజీ ఇస్తే 20 శాతమే అంటారు. ఆర్డర్లో కంటికి కనిపించే తప్పేంటి, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, అప్పుల జాబితా, ఇప్పుడు ఎంత కట్టగలరు, మిగతాది ఏ నెలలో ఎంత కట్టగలరు, ఇవన్నీ రాసివ్వాలి. స్థానిక ఆఫీసర్ కాదంటే ప్రిన్సిపల్ కమిషనర్ దగ్గరకు వెళ్లచ్చు, మనకు విజయవాడలోనే ఉన్నారు. అక్కడా కాకపోతే హైకోర్టు, కానీ పద్దెనిమిది లక్షలకు ఆ ఖర్చు ఆలోచించుకోవాలి.

ఆటోనగర్_స్పేర్స్
ఫైళ్లు గారూ, మధ్యలో దూరుతున్నా. మా బావమరిదికి ఇలాగే 20 శాతం కట్టాక స్టే వచ్చింది. తర్వాతి ఏడాది రిటర్నులో అరవై వేల రీఫండ్ రావాలి, దాన్ని మొత్తం పాత డిమాండ్‌లో సర్దేశారు. స్టే ఉండగా అలా చేయచ్చా?

గవర్నర్‌పేట_ఫైళ్లు
20 శాతం అప్పటికే కట్టి, స్టే అమల్లో ఉంటే చేయకూడదు. కానీ సెంట్రల్ ప్రాసెసింగ్ సెంటర్ కంప్యూటర్‌కి స్టే కనిపించకపోతే సర్దేస్తుంది. సర్దేముందు 245 కింద సమాచారం వస్తుంది, దానికి జవాబివ్వడానికి కొద్ది రోజులే గడువు. ఈమెయిల్ చూసుకోకపోతే ఒప్పుకున్నట్టే. స్టే ఆర్డరు రాగానే పోర్టల్లో ఆ డిమాండ్ పక్కన స్టే వివరం ఎక్కిందో లేదో చూసుకోవడం, ఎక్కకపోతే ఆఫీసర్‌ని అడిగి ఎక్కించుకోవడం ముఖ్యం. కాగితం బీరువాలో పెట్టుకుంటే కంప్యూటర్‌కి తెలియదు.

అరండల్‌పేట_సీఏ_ఫైనల్
అందరూ పెనాల్టీని మర్చిపోయారు. నేను ఇంకా చదువుకుంటున్నాను, తప్పైతే సీనియర్లు చెప్పాలి. 270ఏ కింద పెనాల్టీ ఈ పన్నులో 50 శాతం, అంటే 1,77,840. కానీ మొత్తం డిమాండ్ గడువులోపు కట్టేసి, అప్పీలు వేయకుండా, ఫారం 68 పెడితే ఆ పెనాల్టీ నుంచి మినహాయింపు ఇవ్వాలి. అప్పుడు 4,41,020తో కథ ముగుస్తుంది. అప్పీలు వేసి ఓడితే డిమాండ్, రెండేళ్ల వడ్డీ 84,676, పెనాల్టీ కలిపి ఏడు లక్షలు దాటుతుంది. ముందే కట్టడం లాభం కాదా?

యార్డు_కొట్టు
ఇదేంటండి కొత్తగా! ఇది ఎవరూ చెప్పలేదే. ఏడు లక్షలా?

గవర్నర్‌పేట_ఫైళ్లు
కుర్రాడు మంచి పాయింట్ తెచ్చాడు. లెక్క కూడా సరిగ్గానే ఉంది, 7,03,536. కానీ అది అన్నీ ఓడితే వచ్చే లెక్క. గెలిచే పక్క కూడా రాయాలి. 9,50,000 మీద గెలిస్తే ఈయనకు మొత్తం ఖర్చు 73,488, దాని మీద పెనాల్టీ పడితే ఇంకో 29,640. రెండూ కలిపి లక్షా మూడు వేలు. అంటే ఒకవైపు ఖచ్చితంగా 4,41,020, మరోవైపు లక్షా మూడు వేలో ఏడు లక్షలో. 35,000 పరిమితి చట్టంలోనే అచ్చయి ఉన్నప్పుడు ఏ వైపు మొగ్గు ఉందో వేరే చెప్పక్కర్లేదు.

ఫారం 68 అంటే మొత్తమైనా, ఏమీ లేకపోయినా. 1,90,000 మీద మినహాయింపు తీసుకుని 9,50,000 మీద అప్పీలు చేస్తానంటే కుదరదు. మినహాయింపు వచ్చాక ఆ ఆర్డరు మీద అప్పీలు, రివిజన్ రెండు దారులూ మూసుకుపోతాయి. ఆర్డరు సరైనదే అని మనసులో తెలిసినవాళ్లకు అది మంచి దారి. నోటీసులో తప్పుగా చూపించారని, అంటే మిస్‌రిపోర్టింగ్ అని ఉంటే ఫారం 68 పనికిరాదు, అప్పుడు పెనాల్టీ కూడా 200 శాతం. అందుకే మొదటే ఆ పదం అడిగాను.

ఇంకొకటి. పెనాల్టీ దానంతట అది పడదు. వివరాలన్నీ చెప్పి, మంచి నమ్మకంతో చేశామని చూపించగలిగితే వేయకూడదని అదే సెక్షన్‌లో ఉంది. అప్పీలు వేశాక పెనాల్టీ నోటీసుకు జవాబుగా "అప్పీలు తేలేదాకా ఆపండి" అని తప్పకుండా రాయాలి. జవాబివ్వకుండా వదిలేసినవాళ్లకే ఎక్కువగా పడుతుంది.

అరండల్‌పేట_సీఏ_ఫైనల్
థాంక్యూ సార్. ఫారం 68 పెట్టి, వాళ్లు తిరస్కరిస్తే అప్పీలు గడువు పోయినట్టేనా?

గవర్నర్‌పేట_ఫైళ్లు
పోదు. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి తిరస్కరణ అందిన రోజు వరకు అప్పీలు గడువులో లెక్కించరు. కానీ జాగ్రత్త. ఈయనకు డబ్బు కట్టడానికీ, అప్పీలుకీ గడువు ఏప్రిల్ 23. ఫారం 68కి మాత్రం ఆర్డరు అందిన నెల చివరి నుంచి ఒక నెల, అంటే ఏప్రిల్ 30. 28న తీరిగ్గా ఫారం 68 పెట్టాననుకోండి, అప్పటికే అప్పీలు గడువు అయిపోయింది, మినహాయించడానికి రోజులే లేవు. పెట్టేవాళ్లు 23కి వారం ముందే పెట్టాలి.

పట్నంబజార్_చిన్నా
వివాద్ సే విశ్వాస్ లాంటి స్కీము మళ్లీ వస్తుంది. అప్పుడు వడ్డీ, పెనాల్టీ రెండూ మాఫీ. అప్పీలు వేసి పెండింగ్‌లో ఉంచుకోవడమే తెలివైన పని.

గవర్నర్‌పేట_ఫైళ్లు
2024 స్కీము 2024 జులై 22 నాటికి పెండింగ్‌లో ఉన్న కేసులకే. ఈ ఆర్డరు 2025ది. రాబోయే స్కీముల మీద ఆశతో రూపాయి వడ్డీ పెంచుకోమని నేను చెప్పను.

పట్నంబజార్_చిన్నా
రెండుసార్లు వచ్చింది కాబట్టి మూడోసారీ వస్తుంది, రాసిపెట్టుకోండి.

కృష్ణలంక_శ్రీను
చిన్నా గారి మీద మనమందరం స్టే తెచ్చుకోవాలి.

తెనాలి_లక్ష్మి
అప్పీలు దాకా ఎందుకు, ఆర్డర్లో తప్పు అంత స్పష్టంగా ఉంటే 154 కింద సరిచేయమని అడిగితే సరిపోదా? ఖర్చు కూడా ఉండదు.

గవర్నర్‌పేట_ఫైళ్లు
అడగచ్చు, నష్టం లేదు. కానీ దాని మీదే ఆధారపడకండి. కిరాయి లారీకి ఇచ్చారా, బుకింగ్ ఆఫీసుకు ఇచ్చారా అనేది పరిశీలించాల్సిన విషయం, ఇది కళ్లకు కనిపించే పొరపాటు కాదు అని తోసేస్తే మీకు జవాబు ఉండదు. ఈలోగా ముప్పై రోజులు గడిచిపోతాయి. 154 పెట్టినందుకు అప్పీలు గడువు ఒక్క రోజు కూడా పెరగదు. అప్పీలు ఫీజు ఈయన స్థాయికి వెయ్యి రూపాయలే. రెండూ పెట్టండి.

యార్డు_కొట్టు
సార్, మీరు బుకింగ్ ఆఫీసు అనగానే గుండె జారింది. మా వోచర్లలో సగం వరకు డబ్బు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గుమాస్తా చేతికే ఇచ్చాం, ఆయన లారీ డ్రైవర్‌తో సంతకం పెట్టించాడు. యార్డులో అందరం ఇంతే. డ్రైవర్‌ని మేం ఎక్కడ వెతుకుతాం?

ఇంకో సంగతి. ఆడిటర్ గారు ఇప్పుడే ఫోన్ చేశారు. 3సీడీలో 21(డి) దగ్గర ఏమీ లేవని రాశారట. 38,000 వోచర్లు అందులో రాలేదు.

గవర్నర్‌పేట_ఫైళ్లు
మొదటిది ఇబ్బందే గానీ ప్రాణాంతకం కాదు. చట్టంలో మాట లారీలు నడపడానికి, కిరాయికి తీసుకోవడానికి చేసిన చెల్లింపు అని. మధ్యలో ఒక ఆఫీసు ఉన్నంత మాత్రాన కిరాయి కాకుండా పోదని వాదించవచ్చు. లారీ రసీదు, ఈ-వే బిల్లు, వోచరు మూడింటిలో ఒకే లారీ నంబరు ఉన్నవి విడిగా తీసి కట్ట కట్టండి. ఒకే రోజు ఒకే ఆఫీసుకు రెండు లోడులకు ఇచ్చినవి ఉన్నాయేమో మాత్రం చూడండి. ఒక మనిషికి ఒక రోజు ఇచ్చిన మొత్తాన్ని కలిపి చూస్తారు. ఆఫీసునే ఒక మనిషిగా లెక్కేస్తే 22,000, 24,000 కలిసి 46,000 అయి పరిమితి దాటుతుంది.

రెండోది నాకు నచ్చలేదు. ఐదు వోచర్లు రిపోర్టులో లేవంటే వాటి మీద "వివరాలన్నీ చెప్పాం" అనడం కష్టం. ఆ 29,640 పెనాల్టీ పడే అవకాశం ఎక్కువ అనుకుని డబ్బు పక్కన పెట్టుకోండి.

అరండల్‌పేట_సీఏ_ఫైనల్
సార్, అలాంటి రోజులు చాలా ఉంటే గెలిచే భాగం 9,50,000 నుంచి తగ్గుతుంది కదా. ఆరు లక్షలే మిగిలిందనుకుంటే ఫారం 68 లెక్క మళ్లీ చూడాల్సిందేనేమో?

గవర్నర్‌పేట_ఫైళ్లు
చూడాలి. ఆరు లక్షలకు కూడా నేను అప్పీలే అంటాను. మూడు లక్షలకు పడిపోతే ఆలోచిస్తాను. ఎక్కడ గీత గీయాలో ఆయన వోచర్లు, ఆయన ధైర్యం చెప్పాలి.

రిటైర్డ్_గుమాస్తా
ధైర్యం సంగతి నేను ఇంతకుముందే చెప్పాను. యాభై లక్షల సరుకు తిప్పేవాడు నాలుగు లక్షల కోసం రెండేళ్లు ఫైలు మోయడం నాకు నచ్చదు. కట్టేసి ఫారం 68 పెట్టడమే నా మాట, ఎవరు కాదన్నా సరే.

యార్డు_కొట్టు
ఈ రాత్రి తేదీ వారీగా పేర్చాను. ఒకే ఆఫీసుకు ఒకే రోజు రెండు లోడులు పడి 35,000 దాటినవి కలిపితే 2,10,000 దాకా తేలాయి. అంటే గట్టిగా నిలబడేది 7,40,000. రేపు ఆడిటర్ గారితో కూర్చుని 88,204 కట్టి, ఫారం 35లో అప్పీలు వేయించి, స్టే పిటిషన్ ఇద్దామనుకుంటున్నాను. పోర్టల్లో ఏమీ నొక్కలేదు, ఆయనకి కూడా నొక్కొద్దని చెప్పాను. స్టే పిటిషన్ పోర్టల్లో ఇస్తే చాలా, ఆఫీసుకు వెళ్లి చేతికివ్వాలా?

కృష్ణలంక_శ్రీను
రెండూ. ఆన్‌లైన్లో ఇచ్చిన రసీదు తీసుకోండి, మళ్లీ ఆఫీసులో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. మా అన్నయ్య ఇప్పుడు అలాగే చేస్తున్నాడు.

గవర్నర్‌పేట_ఫైళ్లు
అవును. పిటిషన్‌లో ఆ 2,10,000 సంగతి ఎత్తకండి, దాచనూ వద్దు. అడిగితే వోచర్లు చూపించాలి, గ్రౌండ్స్‌లో లారీ వారీగా వాదించాలి. మెమో ప్రకారం రెండు వారాల్లో తేల్చాలి గానీ అన్నిసార్లూ అలా జరగదు, కాబట్టి 23 దాకా ఆగకుండా పది, పన్నెండు తేదీల్లోపే ఇవ్వండి. చలానాలో 400.

బ్రాడీపేట_బాబాయ్
అబ్బాయ్, ఆ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు మా వీధి చివర ఉన్నదేనా? వాళ్ల పెద్దాయన నాకు తెలుసు. లోడుల రిజిస్టర్ పాత ఏళ్లవి కూడా దాచిపెడతాడు. అందులో లారీ యజమాని పేరు, నంబరు ఉంటాయి. రేపు పొద్దున తొమ్మిదింటికి వస్తావా?

యార్డు_కొట్టు
వస్తాను బాబాయ్. ఎనిమిదిన్నరకే వస్తాను.